కనిపించని నాలుగో దారి

2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్ట్ వారి జ్యూన్ మ్యూజిక్ ప్లేయర్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. 30 జీబీ మోడల్ కొన్నవాళ్ళు ఆ రోజు దాన్ని ఆన్ చేస్తే మొదటి తెర దగ్గరే ఆగిపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కంపెనీ చెప్పిన మందు కూడా విచిత్రంగానే ఉంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా వదిలేయాలి. గ్రీనిచ్ కాలమానం ప్రకారం జనవరి 1 మధ్యాహ్నం దాటాక ఛార్జింగ్ పెట్టి ఆన్ చేయాలి. అంతే, మళ్ళీ మామూలుగా పాడుతుంది. ఆ ఒక్క రోజుకే వచ్చిన జబ్బు ఆ రోజుతోనే పోయింది.

జబ్బు పుట్టిన చోటు ప్లేయర్ లోపలి గడియారం. ఆ గడియారపు చిప్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ ఫ్రీస్కేల్ సంస్థది. గడియారం రోజులను 1980 మొదలుకొని వరసగా లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఆ పెద్ద సంఖ్య చూసి ఇది ఏ సంవత్సరమో, అందులో ఎన్నో రోజో తేల్చడం ఒక ఫంక్షన్ పని. తర్వాత ఆ కోడ్ బయటికి వచ్చినప్పుడు ప్రోగ్రామర్లు చదివి చూశారు. అందులో సంవత్సరాన్ని తేల్చే ముక్క ఇంతే:

```c
year = 1980;
while (days > 365) {
    if (IsLeapYear(year)) {
        if (days > 366) {
            days -= 366;
            year += 1;
        }
    } else {
        days -= 365;
        year += 1;
    }
}
```

ఆలోచన తేలికే. చేతిలో 365 కంటే ఎక్కువ రోజులు ఉన్నంతసేపూ ఒక్కో ఏడాదిని తీసేస్తూ పోవాలి. లీపు సంవత్సరమైతే 366, కాకపోతే 365 తీసేయాలి. చివరికి మిగిలినవి ఈ ఏడాదిలో గడిచిన రోజులు. రాసినవాళ్ళు, చూసినవాళ్ళు, పరీక్షించినవాళ్ళు అందరూ దీన్ని దాటేశారు. కోడ్‌ను పై నుంచి కిందికి చదివితే నిజంగానే తప్పు కంటపడదు. అదే కోడ్‌ను బొమ్మగా గీస్తే మాత్రం దాక్కోవడానికి దానికి చోటుండదు. ఆ బొమ్మ పేరు కంట్రోల్ ఫ్లో గ్రాఫ్.

బొమ్మ గీయడం

కంప్యూటర్ ఒక ఫంక్షన్‌ను నడిపేటప్పుడు ఏ పని తర్వాత ఏ పనికి వెళ్ళగలదో చూపించే పటమే కంట్రోల్ ఫ్లో గ్రాఫ్. మనం రాసిన ప్రోగ్రామ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్లు కూడా లోపల ఇలాంటి పటమే తయారుచేసుకుంటాయి. ఐబీఎంలో పనిచేసిన ఫ్రాన్సెస్ అలెన్ 1970లో ఈ పద్ధతి మీద ప్రచురించిన వ్యాసం ఆ రంగానికి పునాది. మనకు కంపైలర్ అక్కర్లేదు. కాగితం, పెన్సిలు చాలు.

మొదట కోడ్‌ను ముక్కలు చేయాలి. మధ్యలో మలుపేదీ లేకుండా వరసగా నడిచిపోయే వాక్యాలన్నీ కలిపి ఒక ముక్క. దాన్ని ఒక వృత్తంగా గీసి నంబరు వేస్తాం. దీన్ని నోడ్ అంటారు. `days -= 366` తర్వాత `year += 1` తప్పకుండా జరుగుతుంది కాబట్టి ఆ రెండూ ఒకే నోడ్. కండిషన్ ఉన్న ప్రతి చోటా వేరే నోడ్. మన ముక్కలో ఏడు నోడ్లు వస్తాయి:

```
1: year = 1980
2: days > 365 ?
3: IsLeapYear(year) ?
4: days > 366 ?
5: days -= 366; year += 1
6: days -= 365; year += 1
7: end
```

ఇప్పుడు బాణాలు. ఒక నోడ్ నుంచి కంప్యూటర్ ఏ నోడ్‌కి వెళ్ళగలదో అక్కడికల్లా ఒక బాణం గీయాలి. మామూలు నోడ్ నుంచి ఒక్క బాణమే బయటికి వస్తుంది. కండిషన్ నోడ్ నుంచి రెండు వస్తాయి. ఒకటి అవునంటే, రెండోది కాదంటే.

```
1→2
2→3  2→7
3→4  3→6
4→5  4→2
5→2  6→2
```

ఈ పట్టికలో 4→2 అనే బాణం దగ్గర కాస్త ఆగాలి. లోపలి `if` కి కోడ్‌లో `else` లేదు. `days` 366 దాటకపోతే ఏం చేయాలో ఎవరూ రాయలేదు. రాయలేదు కాబట్టి చదివేవాళ్ళ కన్ను అక్కడ ఆగదు. కంప్యూటర్ మాత్రం ఏదో ఒక చోటికి వెళ్ళే తీరాలి. ఆ `if` కింద చేయాల్సింది ఏమీ లేదు, బయటి `if` లోనూ ఇంకేమీ మిగల్లేదు, అందుకని లూప్ మొదటికి అంటే 2వ నోడ్‌కి తిరిగి వెళ్తుంది. కోడ్‌లో దీనికి ఒక్క అక్షరం కూడా లేదు. బొమ్మలో మాత్రం మిగతా ఎనిమిదింటితో సమానంగా ఇదీ ఒక బాణమే. చేతితో గ్రాఫ్ గీసేటప్పుడు ఎక్కువమంది మరిచిపోయేది కూడా ఇలాంటి బాణాన్నే. అందుకే గీయడం అయ్యాక ఒకసారి సరిచూసుకోవాలి. ప్రతి కండిషన్ నోడ్ నుంచీ సరిగ్గా రెండు బాణాలు బయటికి వచ్చాయా? ఒక్కటే ఉంటే రాయని `else` ను మరిచిపోయినట్టే.

లెక్క పెట్టడం

అమెరికా రక్షణ శాఖలో పనిచేస్తున్న థామస్ మెక్‌కేబ్ 1976 డిసెంబరులో ఒక వ్యాసం ప్రచురించారు. ఒక ఫంక్షన్ ఎంత చిక్కుగా ఉందో వరసల సంఖ్యతో కాకుండా, ఈ పటంలో ఉన్న దారులతో కొలవాలని ఆయన ప్రతిపాదన. ఆ కొలత పేరే సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ. ఒక ఫంక్షన్‌కి సూత్రం ఇది:

```
V(G) = E - N + 2
```

`E` బాణాల సంఖ్య, `N` నోడ్ల సంఖ్య. మన బొమ్మలో బాణాలు 9, నోడ్లు 7. తొమ్మిదిలో ఏడు తీసేస్తే రెండు, దానికి రెండు కలిపితే నాలుగు. కాంప్లెక్సిటీ 4.

ఈ సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని బట్టీ పట్టక్కర్లేదు. ఏడు ఊళ్ళను రోడ్లతో కలపాలంటే ఆరు రోడ్లు చాలు. ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా వెళ్ళొచ్చు, కానీ ప్రతి రెండు ఊళ్ళ మధ్యా ఒక్కటే దారి. ఏడో రోడ్డు వేశామంటే ఎక్కడో ఒక చుట్టుదారి పుడుతుంది. ఆ తర్వాత వేసే ప్రతి రోడ్డూ ఇంకొక కొత్త చుట్టుదారి ఇస్తుంది. అంటే అవసరానికి మించి ఉన్న రోడ్లు ఎన్నో, చుట్టుదారులు అన్ని. మన బొమ్మలో ఏడు నోడ్లకు ఆరు బాణాలు సరిపోతాయి, తొమ్మిది ఉన్నాయి, మూడు ఎక్కువ. మెక్‌కేబ్ ఇంకొక బాణం ఊహించుకున్నారు. ఫంక్షన్ పూర్తయ్యాక చివరి నోడ్ నుంచి మళ్ళీ మొదటి నోడ్‌కి వెళ్ళే బాణం. అది కలిపితే ఎక్కువ బాణాలు నాలుగు. సూత్రంలో కలిపే రెండులో ఒకటి ఈ ఊహా బాణం, ఇంకొకటి ఏడుకు ఆరు చాలన్న తేడా.

సరిచూసుకోవడానికి ఇంకో రెండు దారులున్నాయి. మొదటిది కండిషన్లను లెక్కపెట్టి ఒకటి కలపడం. మనకు ఒక `while`, రెండు `if` లు, మొత్తం మూడు. ఒకటి కలిపితే నాలుగు. రెండోది బాణాలు ఒకదాన్నొకటి దాటకుండా బొమ్మ గీసి, కాగితం ఎన్ని భాగాలుగా విడిపోయిందో లెక్కపెట్టడం. బాణాల మధ్య మూసుకుపోయిన గదులు మూడు, బయట మిగిలిన కాగితమంతా ఒకటి, మళ్ళీ నాలుగే. మూడు లెక్కలూ కలవకపోతే ఎక్కడో బాణం తప్పిపోయిందని అర్థం. 4→2 ను గీయడం మరిచిపోతే సూత్రం 3 చూపిస్తుంది, కండిషన్ల లెక్క 4 చూపిస్తుంది. పొరపాటు అక్కడికక్కడే బయటపడుతుంది.

నాలుగు దారులు

ఈ నాలుగు దేనికి లెక్క? ఫంక్షన్ మొదలు నుంచి చివరిదాకా ఉన్న మొత్తం దారులకు మాత్రం కాదు. లూప్ ఉంది కాబట్టి ఒకసారి తిరగొచ్చు, ముప్పైసార్లు తిరగొచ్చు, మొత్తం దారులకు అంతే లేదు. నాలుగు అన్నది స్వతంత్ర దారుల సంఖ్య. అప్పటిదాకా రాసుకున్న దారుల్లో లేని బాణం కనీసం ఒక్కటైనా ఉంటే ఆ దారి స్వతంత్రమే. ఇలాంటివి నాలుగు దొరికితే, మిగతా దారులన్నిటినీ వాటిని కలుపుతూ, తీసేస్తూ తయారుచేయొచ్చు. ఈ నాలుగింటి గుంపును బేసిస్ అంటారు.

ఒక్కొక్కటే తీద్దాం. ఎప్పుడైనా అన్నిటికంటే పొట్టి దారితో మొదలుపెట్టడం మేలు.

మొదటి దారి 1-2-7. లూప్‌లోకి అడుగే పెట్టదు. `days` 100 ఇస్తే చాలు. ఫలితం 1980లో 100వ రోజు. సరైనదే.

రెండో దారి 1-2-3-4-5-2-7. ఒక లీపు సంవత్సరాన్ని తీసేసి బయటికి వస్తుంది. `days` 367 ఇస్తే 366 పోయి ఒకటి మిగులుతుంది, సంవత్సరం 1981 అవుతుంది. 1981 జనవరి 1. ఇదీ సరైనదే.

మూడో దారిలో 3→6 బాణం రావాలి, అంటే లీపు కాని సంవత్సరం. కాగితం మీద 1-2-3-6-2-7 అని రాయాలనిపిస్తుంది. కానీ ఆ దారిలో కంప్యూటర్ ఎన్నటికీ నడవదు. లెక్క మొదలయ్యేది 1980తో, అది లీపు సంవత్సరం. మొదటి చుట్టులో 3వ నోడ్ నుంచి 6కు వెళ్ళే వీలే లేదు. బొమ్మకు బాణాలే తెలుసు, 1980 లీపు అన్న సంగతి తెలియదు. ఇలా బొమ్మలో ఉండి నిజంగా నడవని దారులు చాలా ఫంక్షన్లలో తగులుతాయి. అప్పుడు చేయాల్సింది అదే కొత్త బాణం వచ్చే వేరే దారిని వెతకడం. ముందు లీపు ఏడాదిని దాటి, తర్వాత మామూలు ఏడాదిలోకి వెళ్ళాలి. 1-2-3-4-5-2-3-6-2-7. `days` 732 ఇస్తే మొదటి చుట్టులో 366 పోతుంది, రెండో చుట్టులో 365 పోతుంది, మిగిలేది ఒకటి. 1982 జనవరి 1. సరైనదే.

కలపడం, తీసేయడం అంటే ఏమిటో కూడా ఇక్కడే చూడొచ్చు. ఈ పొడుగు దారిలోని బాణాల నుంచి రెండో దారి బాణాలను కొట్టేసి, మొదటి దారి బాణాలను కలిపితే మిగిలేవి 1→2, 2→3, 3→6, 6→2, 2→7. ఇందాక నడవదని పక్కనపెట్టిన దారి అదే. దాన్ని పోగొట్టుకున్నా బేసిస్‌కు లోటేమీ రాలేదు.

ఇక నాలుగో దారి. మిగిలిన కొత్త బాణం 4→2 ఒక్కటే. కాగితం మీద 1-2-3-4-2-7. దీన్ని నడిపించే `days` విలువ ఏదో చూడాలి. 2వ నోడ్‌లో అవునని రావాలంటే 365 కంటే ఎక్కువ ఉండాలి. 4వ నోడ్‌లో కాదని రావాలంటే 366 దాటకూడదు. రెండూ కుదిరే సంఖ్య 366 ఒక్కటే. అది ఇచ్చి నడిపిస్తే 1, 2, 3, 4, మళ్ళీ 2. ఇక్కడి నుంచి 7కు వెళ్ళాలంటే `days` 365కు తగ్గి ఉండాలి. కానీ వచ్చిన బాణం మీద తీసివేత ఏదీ లేదు. `days` ఇంకా 366 గానే ఉంది, సంవత్సరం ఇంకా 1980 గానే ఉంది. మళ్ళీ 3, మళ్ళీ 4, మళ్ళీ 2. అలా తిరుగుతూనే ఉంటుంది.

పరీక్ష కోసం ఇచ్చిన నాలుగో సంఖ్యే ప్రోగ్రామ్‌ను బిగదీసేసింది. 366 అంటే లీపు సంవత్సరపు చివరి రోజు, డిసెంబరు 31.

2008లో జరిగిందీ ఇదే. 1980 నుంచి 2007 దాకా 28 ఏళ్ళు, అందులో ఏడు లీపు సంవత్సరాలు, మొత్తం 10,227 రోజులు. 2008 డిసెంబరు 31 నాటికి గడియారంలో ఉన్న సంఖ్య 10,593. లూప్ 5వ నోడ్ మీదుగా ఏడుసార్లు, 6వ నోడ్ మీదుగా 21 సార్లు సజావుగా తిరిగింది. ఇరవై తొమ్మిదో చుట్టులో చేతిలో 366 మిగిలింది, 4→2 మీదకు వచ్చి ఇరుక్కుపోయింది. మర్నాటికి సంఖ్య 10,594 అయింది, చివరి చుట్టులో 367 మిగిలింది, దారి 5వ నోడ్ మీదుగా బయటపడింది. ఆ ప్లేయర్ అమ్మకానికి వచ్చింది 2006 నవంబరులో. అది చూసిన మొదటి లీపు సంవత్సరాంతం 2008దే కాబట్టి, అంతకుముందు ఎవరి చేతిలోనూ ఈ దారి తగలలేదు.

పరీక్షలు ఎందుకు పట్టుకోలేదు

ప్రోగ్రామర్లు ఎక్కువగా నమ్ముకునే కొలత ఒకటుంది. పరీక్షలు నడిపినప్పుడు కోడ్‌లోని ఎన్ని వరసలు నడిచాయన్నది చూస్తారు. అన్నీ నడిస్తే నూటికి నూరు. మన ఫంక్షన్‌లో 732 అనే ఒక్క విలువ ఇస్తే చాలు, ఏడు నోడ్లూ నడిచిపోతాయి. అంటే ఒకే ఒక్క పరీక్షతో నూటికి నూరు మార్కులు వస్తాయి, తప్పు మాత్రం తప్పుగానే ఉంటుంది. 4→2 మీద కోడ్ వరసేదీ లేదు కాబట్టి ఆ బాణం నడవలేదని ఆ కొలతకు తెలియదు.

వరసలు కాకుండా బాణాలు లెక్కపెట్టే కొలత అయితే దీన్ని పట్టుకునేది. దాన్ని బ్రాంచ్ కవరేజ్ అంటారు. 732, 366 అని రెండు విలువలు ఇస్తే మన బొమ్మలో 2→3, 4→2 మొదలుకొని 2→7 దాకా తొమ్మిది బాణాలూ నడుస్తాయి. స్వతంత్ర దారుల పద్ధతి ఇంకో అడుగు ముందుకు వేసి, ఒక్కో మలుపునూ విడిగా నడిపించమంటుంది. అందువల్ల ఏదైనా తప్పు బయటపడితే అది ఏ మలుపు దగ్గర వచ్చిందో కూడా తెలిసిపోతుంది.

సంఖ్య చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు ఈ ఫంక్షన్‌ను సరిచేద్దాం. లోపలి `if` కి రాయని `else` ను రాస్తే సరిపోతుంది:

```c
if (days > 366) {
    days -= 366;
    year += 1;
} else {
    break;
}
```

బొమ్మలో 4→2 బాణం పోయి 4→7 వచ్చింది. నోడ్లు ఏడే, బాణాలు తొమ్మిదే. కాంప్లెక్సిటీ ముందూ 4, ఇప్పుడూ 4. లక్షల పెట్టెలను ఆపగల కోడ్‌కీ, సరైన కోడ్‌కీ ఒకటే మార్కు వచ్చింది. బాణం ఉందా లేదా అన్నదే సూత్రం చూస్తుంది, అది ఎక్కడికి వెళ్తుందన్నది చూడదు.

పైగా 4 చాలా చిన్న సంఖ్య. మెక్‌కేబ్ తన వ్యాసంలో సూచించిన పరిమితి 10. అదేమీ మంత్రసంఖ్య కాదనీ ఆయనే అన్నారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1996లో ప్రచురించిన మార్గదర్శక పుస్తకం కూడా 10తోనే మొదలుపెట్టి, అనుభవం, క్రమశిక్షణ ఉన్న బృందాలు 15 దాకా వెళ్ళొచ్చంది. ఆ లెక్కన మన ఫంక్షన్ మీద ఎవరికీ అనుమానం రాదు. పరిమితి దాటిన ఫంక్షన్‌ను విడగొట్టమని చెప్పడానికి ఈ సంఖ్య పనికొస్తుంది. పరిమితి లోపల ఉన్నది భద్రమని చెప్పడానికి పనికిరాదు.

సంఖ్యను చూసేటప్పుడు ఇంకొక జాగ్రత్త ఉంది. లీపు సంవత్సరమా కాదా అన్న పరీక్ష మన కోడ్‌లో `IsLeapYear` అనే వేరే ఫంక్షన్‌లో దాగి ఉంది. దాన్ని విడిగా పెట్టకుండా ఇక్కడే రాశామనుకుందాం:

```c
if (year % 4 == 0 && (year % 100 != 0 || year % 400 == 0))
```

చూడ్డానికి ఇదీ ఒక్క `if` యే. కానీ లోపల మూడు ప్రశ్నలున్నాయి. మొదటిదానికి కాదని జవాబొస్తే మిగతా రెండూ అడగక్కర్లేదు. బొమ్మలో దీనికి మూడు నోడ్లు గీయాలి. అంటే `&&`, `||` ఒక్కోదానికీ ఒకటి పెరిగి కాంప్లెక్సిటీ 6 అవుతుంది. కొన్ని పనిముట్లు వీటిని లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని మొత్తం కండిషన్‌ను ఒకటిగానే లెక్కిస్తాయి. అందుకే ఒకే కోడ్‌కు రెండు చోట్ల రెండు సంఖ్యలు వస్తే కంగారు పడక్కర్లేదు, ఏది ఏం లెక్కపెట్టిందో చూసుకుంటే చాలు. అదేవిధంగా ఒక ఫంక్షన్‌ను రెండుగా విడగొట్టి సంఖ్య తగ్గించినా ఆ మలుపులు ఎక్కడికీ పోవు, పక్క ఫంక్షన్‌లోకి మారతాయి, వాటికి అక్కడ పరీక్షలు రాయాలి.

సీ లాంటి భాషలకు `lizard`, పైథాన్‌కు `radon cc -s` వంటి పనిముట్లు ఈ సంఖ్యను క్షణంలో తీసి చూపిస్తాయి. ఆ సంఖ్యను పరీక్షల లెక్కగా చదవడం మంచిది. 4 వచ్చిందంటే ఆ ఫంక్షన్‌కు నాలుగు దారులు రాసుకోవాలి, ఒక్కోదాన్నీ నడిపించే విలువ వెతకాలి. విలువ దొరక్కపోతే అది ఎప్పటికీ నడవని దారా, వేరే చోటు నుంచి చేరగలమా అని చూడాలి. లూప్ ఉన్న చోట, దాని మొదటికి తిరిగొచ్చే బాణాలను ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. మన బొమ్మలో 2వ నోడ్‌కు తిరిగొచ్చేవి మూడు. 5→2 వచ్చేలోపు `days` తగ్గుతుంది, 6→2 వచ్చేలోపు కూడా తగ్గుతుంది, 4→2 వచ్చేలోపు ఏదీ మారదు. లూప్ కండిషన్‌లో ఉన్న విలువను ఏమాత్రం కదిలించకుండా మొదటికి వచ్చే బాణం కనిపిస్తే, ఆ ఫంక్షన్‌ను ఎవరికీ ఇవ్వకముందే అక్కడ ఆగి, దాని మీదకు వెళ్ళే విలువ ఏదో కనిపెట్టి నడిపించి చూడాలి.